పాత మేనేజర్ రాసే ఎంఎస్ సిఫారసు లేఖ

అమెరికాలో ఎంఎస్‌కు దరఖాస్తు చేసేవారిని చాలా విశ్వవిద్యాలయాలు మూడు సిఫారసు లేఖలు అడుగుతాయి. బ్రిటన్‌లో సాధారణంగా రెండు చాలు. జర్మనీలో అసలు అడగని కోర్సులు చాలానే ఉన్నాయి. బీటెక్ అవగానే విమానం ఎక్కేవారు ఆ మూడింటినీ కాలేజీ అధ్యాపకుల చేతే రాయించుకుంటారు. రెండు మూడేళ్లు ఉద్యోగం చేసి వెళ్లేవారు మాత్రం రెండు కాలేజీ నుంచి, ఒకటి ఆఫీసు నుంచి తెచ్చుకోవడం మామూలు. ఆఫీసు లేఖ రాయాల్సింది పాత మేనేజరో, టీమ్ లీడో. ఆగస్టులో మొదలయ్యే ఫాల్ సెమిస్టర్‌కు చాలా కోర్సుల గడువులు డిసెంబరు మధ్య నుంచే ముగుస్తూ వస్తాయి. అందుకే దసరా దాటిందంటే మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో లీడ్‌ల ఫోన్లకు పాత జూనియర్ల నుంచి మెసేజ్‌లు రావడం మొదలవుతుంది: "సార్, ఒక ఎల్‌ఓఆర్ కావాలి."

ఈ లేఖకూ, కంపెనీ ఇచ్చే ఎక్స్‌పీరియన్స్ లెటర్‌కూ సంబంధం లేదు. ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ఫలానా హోదాలో పనిచేశారని హెచ్‌ఆర్ విభాగం ధ్రువీకరించే కాగితం. ఎవరు రాసినా అందులో మాటలు మారవు. సిఫారసు లేఖ ఒక మనిషి ఇంకో మనిషి గురించి ఇచ్చే సాక్ష్యం. తాను కళ్లారా చూసినదే చెప్పాలి, చెప్పినదానికి పేరూ సంతకమూ పెట్టి పూచీ పడాలి. ఈ తేడా తెలియక ఎక్స్‌పీరియన్స్ లెటర్‌నే కాస్త సాగదీసి, నాలుగు పొగడ్తలు చేర్చి పంపేవారు చాలామంది. చేరిన తేదీ, హోదా, పనిచేసిన టెక్నాలజీల జాబితా అభ్యర్థి రెజ్యూమెలో ఎలాగూ ఉంటాయి. వాటినే మళ్లీ చదివిన అడ్మిషన్ కమిటీకి కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు.

కమిటీలో ఎక్కువగా ఆ విభాగం ప్రొఫెసర్లే ఉంటారు. మార్కుల పట్టిక, రెజ్యూమె, అభ్యర్థి స్వయంగా రాసుకున్న ఎస్‌ఓపీ అప్పటికే వాళ్ల ముందు ఉంటాయి. వాటిలో దొరకని సంగతి కోసమే లేఖ తెరుస్తారు. జవాబు తెలియని సమస్య ఎదురైతే ఈ మనిషి ఏం చేస్తాడు? తప్పు ఎత్తిచూపితే ఎలా తీసుకుంటాడు? తెలుసుకున్నదాన్ని నలుగురికి అర్థమయ్యేలా రాయగలడా? కాలేజీ అధ్యాపకుడు పరీక్షల్లో, ప్రాజెక్టులో చూసినదాన్ని బట్టి వీటికి కొంత జవాబు చెప్పగలడు. పక్కనే కూర్చుని రెండేళ్లు పని చేయించుకున్న మేనేజర్ ఇంకా వివరంగా చెప్పగలడు. ఆఫీసు లేఖకు ఉన్న అసలు విలువ అదే. అభ్యర్థి మంచి ఉద్యోగి అని నిరూపించడం దాని పని కాదు, మంచి విద్యార్థి కాగలడో లేదో చెప్పాలి.

మన దగ్గర ఈ విలువ పోయేది ఒకచోట. అడగ్గానే మేనేజర్ చెప్పే మాట: "నువ్వే రాసి పంపమ్మా, చూసి సంతకం పెట్టేస్తా." ఆ అమ్మాయి అమీర్‌పేటలోనో, దిల్‌సుఖ్‌నగర్‌లోనో ఉన్న కన్సల్టెన్సీకి వెళ్తుంది. వాళ్ల దగ్గర తయారుగా ఉన్న నమూనాలో పేరు మారుస్తారు. చివరికి ఇద్దరు ప్రొఫెసర్లూ ఒక మేనేజరూ రాసినట్టు చెప్పే మూడు లేఖల్లో ఒకే వాక్య నిర్మాణం, అవే విశేషణాలు, ఒకే అక్షరశైలి, ఒకే మార్జిన్ కనిపిస్తాయి. ఏటా వందల దరఖాస్తులు చదివే ప్రొఫెసర్‌కు దాన్ని పసిగట్టడానికి సాఫ్ట్‌వేర్ ఏమీ అక్కర్లేదు. ఒక లేఖ నకిలీ అనిపిస్తే మిగతా రెండింటి మీదా, ఆ మాటకొస్తే ఎస్‌ఓపీ మీదా అనుమానం పాకుతుంది.

అమెరికాలో ఈ లేఖలు గోప్యంగా ఉండాలన్న ఆనవాయితీకి చట్టం నేపథ్యమూ ఉంది. 1974లో వచ్చిన, ఫెర్పా అని పిలిచే చట్టం విశ్వవిద్యాలయంలో చేరిన విద్యార్థికి తన రికార్డులు చూసుకునే హక్కు ఇచ్చింది. సిఫారసు లేఖల విషయంలో ఆ హక్కును ముందుగానే వదులుకునే వెసులుబాటు కూడా అందులో ఉంది. దరఖాస్తు పోర్టల్‌లో దానికోసం ఒక ప్రశ్న కనిపిస్తుంది. హక్కు వదులుకుంటేనే సీటిస్తామని షరతు పెట్టడానికి వీల్లేదు. అయినా చాలామంది వదులుకుంటున్నట్టే టిక్ పెడతారు, ఎందుకంటే అభ్యర్థి చూడని లేఖనే కమిటీ ఎక్కువగా నమ్ముతుంది. లేఖ చూడనని అక్కడ టిక్ పెట్టిన చేత్తోనే ఇక్కడ ఆ లేఖ రాసుకోవడమంటే ఆ టిక్‌కు అర్థమే లేదు. లేఖ తామే రాశామని రాసినవారి చేత ధ్రువీకరింపజేసే పోర్టళ్లు కూడా కొన్ని ఉన్నాయి.

అభ్యర్థి ఇవ్వాల్సింది లేఖ కాదు, సమాచారం. టీమ్‌లో ఉన్న కాలం, చేసిన పనుల్లో ముఖ్యమైన మూడు నాలుగు, ఇప్పటి రెజ్యూమె, ఎస్‌ఓపీ చిత్తుప్రతి, ఏ ఏ విశ్వవిద్యాలయాల్లో ఏ కోర్సుకు ఏ తేదీలోగా అన్న పట్టిక. ఇవన్నీ కలిపి రెండు పేజీలు దాటవు. టీమ్ వదిలి ఏడాది రెండేళ్లు అయి ఉంటుంది కాబట్టి మేనేజర్‌కు జ్ఞాపకాలు మసకబారి ఉంటాయి. పాత పని సంగతులు గుర్తుచేసే కాగితం లేకపోతే "కష్టపడే మనిషి" అన్న ఒక్క మాటే మిగులుతుంది. గడువుకు నాలుగు నుంచి ఆరు వారాల ముందు అడగడం మర్యాద.

రాయాలో వద్దో తేల్చుకోవడం మేనేజర్ వంతు. అభ్యర్థి పని దగ్గరగా చూసింది తన కింద ఉన్న ప్రాజెక్టు లీడ్ అయితే, ఆ లీడ్ రాయడమే మేలు. డైరెక్టర్ సంతకంతో వచ్చే నాలుగు ముక్తసరి మాటల కంటే రోజూ కోడ్ సరిచూసిన లీడ్ రాసిన పేజీన్నర ఎన్నో రెట్లు పనికొస్తుంది. హోదా పెద్దదైతే లేఖ బరువు పెరుగుతుందనేది మనవాళ్లలో బాగా పాతుకుపోయిన అపోహ. ఇక మంచి మాట చెప్పలేని పరిస్థితి ఉంటే ఆ సంగతి మొదట్లోనే చెప్పేయాలి. "నా లేఖ నీకు అంతగా ఉపయోగపడదు, ఇంకొకరిని అడుగు" అన్నా చాలు. ఒప్పుకుని చప్పగా రాస్తే ఎదుటివారికి ఆ సంగతి తెలియను కూడా తెలియదు.

లేఖలో ఏముండాలో ఒక ఉదాహరణతో చూస్తే తేలికగా తెలుస్తుంది. చెల్లింపుల సాఫ్ట్‌వేర్ మీద పనిచేసే ఒక టీమ్‌లో ఒక అమ్మాయి రెండున్నరేళ్లు ఉండి, వేరే కంపెనీకి మారి, ఇప్పుడు కంప్యూటర్ సైన్స్‌లో ఎంఎస్‌కు దరఖాస్తు చేస్తోందనుకుందాం. నమూనా లేఖ అయితే ఇలా సాగుతుంది: "ఆమె కష్టపడి పనిచేస్తుంది, సమయపాలన పాటిస్తుంది, కొత్త విషయాలు త్వరగా నేర్చుకుంటుంది, టీమ్‌లో అందరితో కలిసిపోతుంది." ఇందులో అబద్ధం ఏమీ లేదు. కానీ ఆమె పేరు తీసేసి పక్క సీటులోని అబ్బాయి పేరు పెట్టినా లేఖ అలాగే చెల్లుతుంది. చిక్కు అక్కడే.

అదే టీమ్‌లో నిజంగా జరిగిన పని ఇలా ఉందనుకుందాం. రోజూ ఉదయం కంపెనీ లెక్కలోని లావాదేవీలను బ్యాంకు పంపిన ఫైలుతో సరిచూస్తారు. ఏ రోజుకారోజు కొన్ని తేలవు. అవి మర్నాటి బ్యాంకు ఫైలులో దొరుకుతాయి. బ్యాంకు ఫైలు ఆలస్యంగా వస్తోందని అందరూ అనుకుని, రోజూ గంటసేపు కూర్చుని చేత్తో జతచేస్తూ వచ్చారు. ఈ అమ్మాయి మూడు వారాల పాటు తేలని లావాదేవీలన్నిటినీ తీసి, జరిగిన సమయం ప్రకారం వరుసపెట్టింది. ప్రతి ఒక్కటీ అర్ధరాత్రి 12కూ తెల్లవారుజామున 5:30కూ మధ్య జరిగినదే. ఆ కిటికీ బయట ఒక్కటీ లేదు. కంపెనీ సర్వర్ తేదీని యూటీసీ అనే అంతర్జాతీయ కాలమానం ప్రకారం వేస్తోంది, బ్యాంకు భారత కాలమానం ప్రకారం వేస్తోంది. మన సమయం అయిదున్నర గంటలు ముందుంటుంది కాబట్టి ఆ వేళల్లో జరిగినవన్నీ కంపెనీ లెక్కలో ముందురోజు ఖాతాలో పడుతున్నాయి. బ్యాంకు తప్పు ఏమీ లేదు. ఆమె తేదీ తీసే పద్ధతి సరిచేసి, కారణం వివరిస్తూ రెండు పేజీల నోట్ రాసింది. అదే తప్పు తమ దగ్గరా ఉందేమోనని ఇంకో రెండు టీమ్‌లు ఆ నోట్ చూసి సరిచూసుకున్నాయి.

లేఖలో ఒక పేరాకు ఈ సంఘటన చాలు. చదివే ప్రొఫెసర్‌కు యూటీసీ గొడవ రెండు వాక్యాల్లో అర్థమైపోతుంది. ఆయన ఆగి చదివేది దాని వెనక ఉన్న గుణాన్ని. అందరూ ఒప్పేసుకున్న కారణాన్ని ఈమె ఒప్పుకోలేదు. వాదనకు దిగకుండా మూడు వారాల సమాచారం పోగుచేసింది. సమాచారంలో క్రమం కనిపించాక కారణం వెతికింది, దొరికినదాన్ని కాగితం మీద పెట్టింది. పరిశోధనకు కావాల్సిన అలవాటు ఇదే. "విశ్లేషణాత్మక నైపుణ్యం అపారం" అని రాయాల్సిన అవసరం ఆ తర్వాత ఉండదు, ఆ ముక్క చదివేవాడే అనుకుంటాడు. ఎంచుకోవాల్సిన సంఘటన మేనేజర్ స్వయంగా చూసినదై ఉండాలి, అభ్యర్థి వంతు పని ఎంతో స్పష్టంగా విడదీయగలిగినదై ఉండాలి. పదిమంది కలిసి చేసిన పెద్ద ప్రాజెక్టు కంటే ఒకరు ఒంటిచేత్తో తేల్చిన చిన్న పని లేఖకు బాగా నప్పుతుంది.

లోపం గురించి రాయడానికి మనవాళ్లు జంకుతారు. చాలా పోర్టళ్లు మాత్రం అభ్యర్థి మెరుగుపడాల్సిన విషయమేమిటని సూటిగా అడుగుతాయి. "మరీ ఎక్కువ కష్టపడుతుంది" వంటి జవాబు ఎవరినీ మోసం చేయలేదు. పైన చెప్పిన అమ్మాయి మొదటి ఆరు నెలలూ ఎక్కడైనా ఆగిపోతే రెండు మూడు రోజులు ఎవరికీ చెప్పకుండా తనలో తానే కుస్తీ పట్టేదనుకుందాం. ఆ సంగతి ఎత్తిచూపాక ఏ రోజు ఎక్కడ ఆగిందో సాయంత్రం నాలుగు వాక్యాలు రాసి పంపడం అలవాటు చేసుకుంది. మీటింగుల్లో మాత్రం చివరిదాకా తనంతట తాను నోరు విప్పేది తక్కువే. ఇది నిజమైన లోపం, చదువుకు అడ్డం వచ్చేంతది కాదు, సగం సరిదిద్దుకున్నది కూడా. దీన్ని రాయడం వల్ల లేఖలోని మెప్పులకు కూడా నమ్మకం పెరుగుతుంది. నిజాయితీ మీదా, ఇతరులతో నడవడిక మీదా లోపం ఉంటే సంగతి వేరు. అప్పుడు లేఖే ఒప్పుకోకూడదు.

తర్వాత వచ్చేది పోలిక. పోర్టల్‌లో లేఖతో పాటు ఒక పట్టిక ఉంటుంది. మేధస్సు, రాయడం, స్వతంత్రంగా పనిచేయడం వంటి వరుసలకు ఎదురుగా "పై 5 శాతం", "పై 10 శాతం", "పై 25 శాతం", "చెప్పగల ఆధారం లేదు" వంటి గళ్లుంటాయి. గళ్లలో అంకెలు విశ్వవిద్యాలయాన్ని బట్టి మారతాయి. మన మేనేజర్లు ఔదార్యంతో అన్నింటికీ మొదటి గడినే నొక్కేస్తారు. ఇక్కడ చిన్న లెక్క ఉంది. మేనేజర్ తన కెరీర్‌లో మొత్తం 14 మందిని పర్యవేక్షించాడనుకుందాం. అందులో మొదటి స్థానంలో ఉన్న మనిషి కూడా 14లో ఒకరు, అంటే సుమారు 7 శాతం. పై 5 శాతం అనడానికి కనీసం 20 మందిని చూసి ఉండాలి. కాబట్టి 14 మందిలో ఉత్తమురాలికి నిజాయితీగా పెట్టగలిగేది "పై 10 శాతం" గడే. రెండో స్థానంలో ఉంటే 14 శాతం, అది "పై 25"లోకి పోతుంది.

పోలికకు ప్రాతిపదిక ఏమిటో లేఖలో మాటల్లో చెప్పేస్తే పట్టికలోని టిక్‌కు బలం వస్తుంది: "ఆరేళ్లలో నేను పర్యవేక్షించిన 14 మంది ఇంజినీర్లలో సమస్య మూలం కనిపెట్టడంలో ఈమెది మొదటి స్థానం, రాయడంలో మొదటి ముగ్గురిలో ఒకరు, మీటింగుల్లో మాట్లాడటంలో మధ్యస్థం." ఇలాంటి ఒక్క వాక్యం వరుసగా పెట్టిన "అద్భుతం"ల కంటే ఎక్కువ పనిచేస్తుంది. గణితం, సిద్ధాంతం వంటి వరుసల్లో మేనేజర్ చూడని విషయాలుంటే "ఆధారం లేదు" గడి పెట్టడమే సరి. అది మైనస్ మార్కు కాదు, దాని సంగతి కాలేజీ లేఖలు చూసుకుంటాయి.

విశేషణాల ఎంపికలో తెలియకుండానే జరిగే అన్యాయం ఒకటి ఉంది. ఫ్రాన్సిస్ ట్రిక్స్, కారోలిన్ సెంకా అనే పరిశోధకులు ఒక అమెరికన్ వైద్య కళాశాలలో అధ్యాపక ఉద్యోగాల కోసం వచ్చిన 300కు పైగా సిఫారసు లేఖలను విశ్లేషించి 2003లో ఫలితాలు ప్రచురించారు. స్త్రీల కోసం రాసిన లేఖలు సగటున పొట్టిగా ఉన్నాయి. వాటిలో శ్రమ, ఓపిక, నమ్మకంగా పనిచేయడం వంటివాటికి ప్రాధాన్యం ఎక్కువ. పురుషుల లేఖల్లో పరిశోధన గురించిన మాటలు ఎక్కువ. అవి ఉద్యోగాల లేఖలే అయినా, ఎంఎస్ లేఖ రాసేవారికీ ఈ హెచ్చరిక వర్తిస్తుంది. "ఎంత రాత్రయినా పని పూర్తిచేసే వెళ్లేది" అన్నది మెప్పులా వినిపిస్తుంది గానీ, చదివేవారికి అందులో బుర్ర కనిపించదు, ఓపిక మాత్రమే కనిపిస్తుంది. రాశాక ఒకసారి అమ్మాయి పేరు ఉన్నచోట అబ్బాయి పేరు పెట్టి చదువుకుంటే ఏ మాటలు వింతగా తోస్తాయో తెలుస్తుంది.

కంపెనీ రహస్యాల విషయంలో జాగ్రత్త తప్పదు. క్లయింట్ పేరు, లావాదేవీల పరిమాణం, సాఫ్ట్‌వేర్ లోపలి పేర్లు అక్కర్లేదు. పైన చెప్పిన ఉదాహరణలో బ్యాంకు పేరు గానీ, రోజుకు ఎన్ని లావాదేవీలన్నది గానీ లేకపోయినా కథ పూర్తిగానే ఉంది. లెటర్‌హెడ్ విషయం ఇంకాస్త సున్నితం. సిఫారసు లేఖలు ఇవ్వకూడదని, ఉద్యోగ కాలం ధ్రువీకరణ మాత్రమే హెచ్‌ఆర్ ద్వారా ఇవ్వాలని నియమం పెట్టుకున్న కంపెనీలు చాలా ఉన్నాయి. అలాంటిచోట అనుమతి లేకుండా లెటర్‌హెడ్ వాడితే రాసినవారికే చిక్కు. మేనేజర్ కూడా ఆ కంపెనీ వదిలేసి ఉంటే పాత లెటర్‌హెడ్ వాడే హక్కు లేదు. కొత్త కంపెనీ లెటర్‌హెడ్ మీద రాస్తే అభ్యర్థితో సంబంధం లేని సంస్థ మెచ్చుకున్నట్టవుతుంది. అప్పుడు తెల్లకాగితం మీదే రాసి, ప్రస్తుత హోదా, నాటి హోదా, అభ్యర్థి తన కింద పనిచేసిన కాలం మొదటి పేరాలోనే స్పష్టం చేస్తే సరిపోతుంది. వ్యక్తిగత జీమెయిల్ చిరునామా ఇస్తే కొన్ని విశ్వవిద్యాలయాలు సంశయిస్తాయి కాబట్టి, కంపెనీ ఒప్పుకుంటే ప్రస్తుత ఆఫీసు ఈమెయిల్ ఇవ్వడం నయం.

నిడివి పేజీకి తగ్గకుండా, రెండు పేజీలకు మించకుండా ఉండాలి. పరిచయం ఎలా, ఎంతకాలం అన్నది మొదటి పేరా. ఆ తర్వాత ఒకటి, మహా అయితే రెండు సంఘటనలు. ఆపైన పోలిక, లోపం, ఈ కోర్సుకు ఈ మనిషి ఎందుకు సరిపోతుందన్న మాట. లేఖ ఇంగ్లిషులోనే ఉంటుంది గానీ అలంకారాల ఇంగ్లిషు అక్కర్లేదు. ఆఫీసులో రోజూ రాసే సాదా భాషే దీనికి సరైనది.

పంపే పద్ధతిలోనూ పొరపాట్లు జరుగుతాయి. అభ్యర్థి పోర్టల్‌లో మేనేజర్ పేరు, హోదా, ఈమెయిల్ నమోదు చేయగానే విశ్వవిద్యాలయం నుంచి ఒక లింకు వస్తుంది. ఎనిమిది చోట్ల దరఖాస్తు చేస్తే ఎనిమిది లింకులు. ఇవి తరచూ స్పామ్‌లో పడతాయి, కొన్ని కంపెనీల ఫైర్‌వాల్ లింకును తెరవనివ్వదు. వచ్చిందో లేదో అభ్యర్థి రెండు రోజుల్లో ఫోన్ చేసి కనుక్కోవాలి. మూల లేఖ ఒకటే అయినా విశ్వవిద్యాలయం పేరు, కోర్సు పేరు మార్చాలి. రాత్రి పూట ఎనిమిదీ ఒకేసారి ఎక్కించే హడావుడిలో ఒకరికి పంపే లేఖలో ఇంకొకరి పేరు మిగిలిపోవడం అందరికీ తెలిసిన ప్రమాదమే. పేర్లు లేకుండా "మీ విశ్వవిద్యాలయం" అని రాసినా తప్పు లేదు, తప్పు పేరు కంటే అదే నయం. పీడీఎఫ్ ఎక్కించి సమర్పించాక సాధారణంగా మార్చడం కుదరదు. మార్చి తీరాల్సి వస్తే అడ్మిషన్ ఆఫీసుకు మెయిల్ రాయాలి.

లేఖ చేరినట్టు అభ్యర్థి పోర్టల్‌లో కనిపిస్తుంది, అందులో ఏముందో మాత్రం కనిపించదు. అనుమానం వస్తే విశ్వవిద్యాలయం లేఖలో ఇచ్చిన ఈమెయిల్‌కో ఫోన్‌కో సంప్రదించి నిర్ధారించుకుంటుంది, అందుకే ఒక ప్రతి దాచుకోవాలి. సీటు వచ్చిందో లేదో లేఖ రాసినవారికి సాధారణంగా విశ్వవిద్యాలయం చెప్పదు. ఆ కబురు అభ్యర్థే చెప్పాలి.